తొమ్మిదో వరుసలో ఒక గడి

మా అక్కకూ నాకూ రెండేళ్లు మాటల్లేవు. ఆమె నంబరు నా ఫోన్లోనూ, నా నంబరు ఆమె ఫోన్లోనూ ఉండేవి. ఇద్దరం నొక్కలేదు. తప్పు నాదేనని నాకు మొదటి వారంలోనే తెలుసు. తెలిసినా నేను ముందు ఫోన్ చేయలేదు. నా నోరు ఎంత పెద్దదో మొండితనమూ అంతే పెద్దది.

గొడవ అమ్మ ఫోటో మీద వచ్చింది. అమ్మకు జీవితమంతా కలిపి మిగిలింది ఒకే ఫోటో. అన్న పెళ్లిలో తీసిన గుంపు ఫోటోలో, చివరి మూలన, ఎవరిదో భుజం వెనక నిలబడి ఉంటుంది. ముఖం నా చిటికెన వేలి గోరంత. అమ్మ పోయాక అక్క ఆ ఫోటోను ఒక స్టూడియోకిచ్చి పెద్దది చేయించింది. సంవత్సరీకం నాడు పుంగనూరులో అన్న ఇంట్లో గోడకు తగిలించి ఉన్నదాన్ని చూశాను. తెల్లగా, నున్నగా, ఒక్క ముడత లేని ముఖంతో, అంచు పట్టుచీరలో ఎవరో ఒకావిడ నన్ను చూసి నవ్వుతోంది. అసలు ఫోటో ఏదని అడిగితే స్టూడియో వాళ్లే పోగొట్టారట. చుట్టాలందరూ విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. "ఎవురే ఈమె? అమ్మను ఇంకొకసారి సంపేసినావు కదే" అనేశాను.

అక్క తినకుండానే లేచి కుప్పం బస్సెక్కింది. అంతే.

నాకు మదనపల్లెలో కోర్టు దగ్గర జిరాక్స్, టైపింగ్ షాపు ఉంది. బోర్డు మీద పేరు మా ఆయనది, లోపల చాకిరి నాది. అర్జీలు, అఫిడవిట్లు, అద్దె కాగితాలు, పెళ్లి కార్డులు. పొద్దున ఊపిరి తీసుకోను తీరదు. మధ్యాహ్నం రెండు దాటితే లాయర్లు భోజనాలకు పోతారు, ఇక నాలుగు దాకా నాకు ఫ్యానే తోడు. అక్క కూతురు పక్కనే ఉన్న అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. ప్రింట్లు తీసుకోడానికి ఆ వేళకే వచ్చేది. తల్లికీ నాకూ పడకపోయినా పిల్ల రావడం మానలేదు. ఆ విషయంలో అక్కకు నేను రుణపడి ఉన్నాను. కూతురిని ఒక్కసారి కూడా ఆపలేదు.

ఒక మధ్యాహ్నం పిల్ల నా కంప్యూటర్లో లెక్కలు వేసే షీటు తెరిచి గడుల్లో నల్ల రంగు నింపుతూ కూర్చుంది.

"ఏంది పాపా అది? గోడకు టైల్స్ వేస్తాండావా?"

"కాలేజీ క్లబ్బులో ఇచ్చినారు చిన్నమ్మా. ఎనిమిది గడులు అడ్డం, ఎనిమిది గడులు నిలువు. దీంట్లో ఏదన్నా బొమ్మ వేయాల. గడి సగం నింపేదానికి లేదు. నింపితే మొత్తం, లేకుంటే ఖాళీ."

"అరవై నాలుగు గడుల్లో బొమ్మ యాడొస్తాది?"

"నువ్వే వేసి సూడు."

ఆ మాటతో నా కొంప ముంచింది. పిల్ల హాస్టలుకు పోయాక నేనూ ఒక కొత్త షీటు తెరిచాను. గడులు అడ్డంగా పొడుగ్గా ఉంటాయి కదా, వాటిని చదరంగా చేయాలి. వెడల్పు పదిహేను, ఎత్తు పదిహేను అని కొట్టాను. గడులు ఇటుకల్లా ఇంకా సాగాయి. ఒకే అంకె ఇస్తే ఒకే కొలత రావాలి కదా అని మౌసుతో కొట్లాడాను. వెడల్పును ఆ షీటు అక్షరాల్లో కొలుస్తుందట, ఎత్తును వేరే కొలతలో కొలుస్తుందట. ఎత్తు పదిహేను ఉంచి వెడల్పు రెండుకు తగ్గిస్తే దాదాపు చదరమైంది. ఇన్నేళ్లుగా ఆ షీట్లలోనే బతుకుతున్నాను, ఈ సంగతి ఎప్పుడూ అడగలేదు.

మదనపల్లెలో ఉండి మొదటి బొమ్మగా టమోటా తప్ప ఇంకేం వేస్తాను? పై వరుసలో తొడిమకు ఒక గడి. దాని కింద నాలుగు, తర్వాత ఆరు, తర్వాత మూడు వరుసలు నిండుగా ఎనిమిదేసి, మళ్లీ ఆరు, మళ్లీ నాలుగు. మూలలు వదిలేస్తే చాలు, చదరాలన్నీ కలిసి గుండ్రంగా కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే మెట్లు, కుర్చీ వెనక్కి జరుపుకుంటే కాయ. నేను కుర్చీ ముందుకూ వెనక్కీ జరుపుతూ ఉంటే కాగితాలు తేవడానికి వచ్చిన గుమాస్తా "ఏమమ్మా, నడుం నొప్పా?" అని అడిగాడు.

మరుసటిసారి పిల్ల వచ్చినప్పుడు చూపించాను. దీన్నే అక్షరాలతో కూడా వేయవచ్చంది. నిండిన గడికి ఒక గుర్తు, ఖాళీ గడికి చుక్క. అలా టైపు చేసి మెసేజ్‌గా పంపించవచ్చట. టైపింగ్ అంటే నాకు వేళ్ల చివర ఉండే పని. రెండు నిమిషాల్లో కొట్టేశాను. పిల్ల నా ముఖం కూడా చూడకుండా, "అమ్మకు పంపనా?" అంది.

నేను జిరాక్స్ మిషన్‌లో కాగితాలు సర్దుతూ "నీ ఇష్టం" అన్నాను. అక్క కుప్పంలో లెక్కల టీచరు. పదిహేడేళ్లుగా గళ్ల నోటుబుక్కుల్లో పిల్లల అంకెలు దిద్దుతోంది. దీన్ని చూసి ఏమంటుందో తెలుసుకోవాలనిపించింది.

పది నిమిషాలకు జవాబు వచ్చింది. పిల్ల చదివి వినిపించింది. "ఏంది ఈ చెత్త? ఫోన్ పాడైపోయిందా?"

చూస్తే నిజంగా చెత్తే. మెసేజ్‌లో చుక్క సన్నగా, గుర్తు లావుగా పడుతుంది. ఖాళీ గడులు ఎక్కువున్న వరుస కుంచించుకుపోయి, నిండు వరుస బయటికి తన్నుకొచ్చి, టమోటా లారీ కింద పడినట్టుంది. పిల్ల ఒక చిట్కా చెప్పింది. కీబోర్డులో ఒకటో అంకె పక్కన, ఎడమ మూలన ఒక చిన్న వాలు గుర్తు ఉంటుంది. దాన్ని ముందు మూడుసార్లు, చివర మూడుసార్లు కొడితే అక్షరాలన్నీ టైపు మిషన్‌లోలాగా ఒకే వెడల్పుకు వస్తాయి. కొట్టాను. వరుసలు నిలబడ్డాయి. కానీ ఇప్పుడు టమోటా దోసకాయలా నిలువుగా సాగింది. అక్షరం వెడల్పు కన్నా ఎత్తు దాదాపు రెండింతలు ఉంటుంది మరి. అందుకని గడికి ఒక గుర్తు కాకుండా రెండేసి కొట్టాం. అప్పుడు గుండ్రంగా వచ్చింది.

ఈసారి అక్క జవాబు: "టమోటానా, గుమ్మడికాయనా?"

రెండేళ్లలో అక్క నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. పిల్ల ద్వారానే అనుకోండి. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "టమోటా అని సెప్పు. కళ్లద్దాలు తుడుచుకోమను" అన్నాను. పిల్ల అదే టైపు చేసి పంపింది, దొంగ మొహం.

తర్వాతి ఆదివారం పుంగనూరు పోయాను. అన్న ఇంట్లో పుంగనూరు ఆవు ఒకటి ఉంది, పొట్టిది, దాని వీపు నా నడుమంత ఎత్తు కూడా రాదు. అడ్డం పదహారు, నిలువు పదహారు గడుల కాగితం తీసుకుపోయి దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొదటిది చూసి అన్న "ఇది ఆవా, నులక మంచమా?" అన్నాడు. కాళ్లు నాలుగేసి గడులు పెట్టాను, అదీ తప్పు. రెండేసి గడులకు తగ్గించి, మెడ వెనక మూపురానికి ఒక గడి పైకి లేపితే ఆవైంది. కానీ పొట్టి ఆవు కాలేదు. చిన్న గడుల బొమ్మలో అన్నీ చిన్నవే, ఆవు ఎంత పొట్టిదో ఎలా తెలుస్తుంది? అన్నను అడిగితే కాసేపు ఆలోచించి, పాలబకెట్టు తెచ్చి ఆవు పక్కన పెట్టాడు. "దీన్ని గూడా వెయ్. అప్పుడు తెలుస్తాది." బకెట్టుకు ఆరు గడులు సరిపోయాయి. ఆవు ఒక్కసారిగా పొట్టిదైపోయింది. చూపే వస్తువు ఎంతో చెప్పడానికి పక్కన ఇంకొకటి కావాలని నాకు అప్పుడే తట్టింది.

లోపలికి పోయి గోడ మీది ఫోటోను చాలాసేపు చూశాను. రెండేళ్ల కిందట కోపంతో చూశాను, ఈసారి గడులు లెక్కపెట్టే కళ్లతో. గోరంత ముఖాన్ని అంత పెద్దది చేయాలంటే మధ్యలో నింపడానికి ఏదో ఒకటి కావాలి. ఆ గోరంతలో ఎన్ని చుక్కలుంటాయి? మా ఆవు బొమ్మలో ఉన్నన్ని ఉంటాయేమో. మిగతాదంతా స్టూడియోలో ఎవరో ఊహించి పూడ్చిన ముఖం. అక్క అమ్మను మార్చమని అడగలేదు, కనపడేలా చేయమని అడిగింది. ఉన్న చుక్కలే తక్కువ. ఈ ముక్క ముందే అర్థమై ఉంటే ఆరోజు విస్తళ్ల ముందు అంత మాట అనేదాన్ని కాను. సిగ్గేసింది. అప్పుడైనా ఫోన్ చేశానా? చేయలేదు.

ఆవును మాత్రం పంపాను. పదహారు గడులకు రెండేసి గుర్తులు, అంటే వరుసకు ముప్పై రెండు. అక్క ఫోన్లో అక్షరాలు పెద్దవిగా పెట్టుకుంటుంది, వరుస పట్టక మిగిలింది కింది వరుసలోకి దూకేసింది. మళ్లీ చెత్త. అప్పుడు అక్క నుంచి ఆజ్ఞ వచ్చింది. పిల్ల ఫోన్ స్పీకరులో పెట్టింది, నేను అక్కడ లేనట్టే అక్క మాట్లాడింది.

"మీ చిన్నమ్మకు సెప్పు. బొమ్మలొద్దు, అంకెలు పంపమను. ఒక్కో వరుసకు ఖాళీలెన్ని, నిండినవెన్ని, మళ్లీ ఖాళీలెన్ని అని రాసి పంపితే నేను గళ్ల పుస్తకంలో నింపుకుంటా. నాకు ఫోన్‌తో కొట్లాడే ఓపిక లేదు."

రెండేళ్ల తర్వాత ఆ గొంతు విన్నాను. జలుబు చేసినట్టుంది. మిరియాల కషాయం తాగమని చెప్పాలనిపించింది, నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

అంకెలు రాయడం నాకు బొమ్మ కన్నా నచ్చింది. వరుస ఎప్పుడూ ఖాళీతో మొదలుపెట్టాలి. మూడు ఖాళీలు, పది నిండు, మూడు ఖాళీలు అయితే "3 10 3". వరుస మొత్తం పదహారు రావాలి, రాకపోతే తప్పు. కాగితం రాసి, వారాంతానికి ఇంటికి పోతున్న పిల్ల చేతికిచ్చాను. వారం తర్వాత అక్క నింపిన పేజీ తిరిగి వచ్చింది, ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి. "ఆవు మెడ ఒక దిక్కు, కాళ్లు ఒక దిక్కు పోతాండాయి. మళ్లీ సేయి."

లెక్క చూసుకున్నాను. ప్రతి వరుసా పదహారే. మరి ఎక్కడ పోయింది? సాయంత్రం దాకా బుర్ర గోక్కుంటే దొరికింది. ఆవు ముట్టె కాగితం అంచుకు తగిలే వరుసల్లో ముందు ఖాళీలే లేవు. నేను నేరుగా "4 1 11" అని నిండుతో మొదలుపెట్టాను. అక్క దాన్ని నాలుగు ఖాళీలు, ఒకటి నిండు, పదకొండు ఖాళీలు అని చదివింది. నలుపంతా తెలుపు, తెలుపంతా నలుపు. మొత్తం పదహారే కాబట్టి కూడికలో దొరకదు. ముందు సున్నా పెట్టాలి. "0 4 1 11". లేనిదాన్ని కూడా లేదని రాస్తే తప్ప అవతలి మనిషికి తెలియదు. సున్నాలు పెట్టి పంపాను. ఈసారి పేజీ మీద టిక్కు, దాని కింద "బకెట్టు బాగుండాది" అని ఒక ముక్క. ఆ కాగితాన్ని షాపులో అద్దం కింద పెట్టుకున్నాను. లాయర్లు అడిగితే మా అక్క దిద్దిందని చెప్పాను.

అలా మూడు నెలలు నడిచింది. నేను చెంబు పంపితే ఆమె కుప్పం స్టేషన్లో రైలింజను పంపింది. నేను కోడిని పంపితే ఆమె చింతకాయ పంపింది. ఏం బొమ్మో ముందు చెప్పకూడదు. అంకెలు నింపుతూ పోతే ఏడో ఎనిమిదో వరుసకు బొమ్మ దానంతటదే ముఖం చూపిస్తుంది. ఆ క్షణం కోసమే నాకు మధ్యాహ్నాలు రెండు ఎప్పుడవుతుందా అని ఉండేది. ఏదో ఒకరోజు అంకెలు అయిపోయి మాటలు మొదలవుతాయని ఆశ ఉండేది. అంకెలతోనే సరిపెట్టేసుకుంటామేమోనని భయమూ ఉండేది. రెండో దానికే ఎక్కువ అవకాశం కనిపించింది. అంత బాగా నడుస్తున్నదాన్ని ఎవరు కదిలిస్తారు?

ఒక బుధవారం పిల్ల కొత్త కాగితం తెచ్చింది. పదహారు వరుసలు. దాంతోపాటు వచ్చే వెక్కిరింపు ముక్క ఈసారి లేదు.

నింపడం మొదలుపెట్టాను. పైన నాలుగు గడులు, తర్వాత ఆరు. తల. మూడు, నాలుగు వరుసల్లో కుడి వైపుకు రెండు గడులు ఎక్కువ. కొప్పు. గడ్డం, సన్నటి మెడ, భుజం. ఎవరో ఆడమనిషి ఎడమ వైపుకు తిరిగి కూర్చుని ఉంది. తొమ్మిదో వరుసలో ఎడమ పక్క విడిగా రెండు గడులు వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. పైకి లేపిన మోకాలు.

అమ్మ అలాగే కూర్చునేది. ఒక కాలు మడిచి, ఒక మోకాలు పైకెత్తి, మోకాలి మీద చెయ్యి వేసి. చేను నుంచి వచ్చి నీళ్లు తాగాక వంటింటి గడప పక్కన అట్లా కూర్చుంటే ఇక కాసేపు ఎవరు పిలిచినా లేచేది కాదు. కళ్లు లేవు, ముక్కు లేదు, చీర రంగు లేదు. ఉన్నవి నల్ల గడులు. అయినా గోడ మీది పట్టుచీర ఆవిడ కన్నా ఈమె మా అమ్మ. షాపులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. పిల్ల భయపడి షట్టరు సగం దించింది.

ఏడుపు ఆగాక చూస్తే తొమ్మిదో వరుస కలవలేదు. "2 2 1 6 4". కూడితే పదిహేను. మళ్లీ కూడి చూశాను, పదిహేనే. మా అక్క కూడికలో తప్పు చేయడం నేను ఎరగను. బజారు పట్టీలో దుకాణదారు కన్నా ముందే మొత్తం చెప్పే మనిషి.

తప్పిపోయింది ఒక్క గడి. అయిదు అంకెలున్నాయి, అయిదింటిలో ఏదో ఒకదానికి ఒకటి కలపాలి. షీటులో అయిదు బొమ్మలూ పక్కపక్కన వేశాను. మోకాలు లావు చేస్తే ఎవరో బరువైన మనిషి. ముందు ఖాళీకి కలిపితే మోకాలు లోపలికి పోయి ముడుచుకుపోయింది. చివరి ఖాళీకి కలిపితే వీపు కింద గుంట పడింది. మూడూ కాదు. మిగిలినవి రెండు. ఒకదాంట్లో మోకాలికీ ఛాతీకీ మధ్య రెండు గడుల సందు. ఇంకొకదాంట్లో ఛాతీ ఒక గడి ముందుకొచ్చి, సందు ఒక్కటే. రెండు బొమ్మలకూ తేడా ఒకే ఒక్క గడి. అది తెలుపైతే అమ్మ వెనక్కి వాలి కూర్చున్నట్టు, నలుపైతే మోకాలి మీదికి ఒరిగినట్టు.

తెలుపే. నాకు బాగా గుర్తు. ఆ సందు నాకు తెలుసు. పిల్లను అడిగితే అవ్వ ఎట్లా కూర్చునేదో తనకు తెలియదంది. పిల్లకు ఊహ తెలిసేసరికి అమ్మ కుర్చీకే పరిమితమైంది. ఇది ఇంకెవరినీ అడగడానికి లేదు. ఆ వంటింట్లో ఆ మనిషిని చూసినవాళ్లం ఇద్దరమే, అన్నకు ఇలాంటివి పట్టవు.

ఫోన్ తీసి నొక్కాను. రెండేళ్ల మొండితనం ఆ నిమిషంలో గుర్తు కూడా రాలేదు.

"తొమ్మిదో వరుస పదిహేనే వస్తాది" అన్నాను. హలో కూడా అనలేదు.

అవతల పుస్తకం తిప్పిన చప్పుడు. "అవును. ఆడ తప్పు పోయుండాది. ఏడు ఏసుకో. రెండు, రెండు, ఒకటి, ఏడు, నాలుగు."

"కాదు. రెండు, రెండు, రెండు, ఆరు, నాలుగు. మోకాలి కాడ సందుండాల."

"సందు యాడుండాదే? నేను సూడలేదా?"

"నేను సూడలేదా?"

అరగంట కొట్లాడాం, ఒక గడి గురించి. మధ్యలో ఒక కక్షిదారు వచ్చి స్టాంపు పేపరు పట్టుకుని నిలబడ్డాడు, నా అరుపులు విని మెల్లగా పక్క షాపుకు పోయాడు. చివరికి అక్క విసుగ్గా అంది, "ఫోన్లో తెగేది కాదు ఇది. ఆదివారం రా. కూర్చోని సూపిస్తా."

ఆదివారం పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరాను. తలుపు తీసి అక్క నా ముఖం చూసి, "సన్నబడినావే" అంది. నేను దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి. "అక్కా, ఆ పొద్దు ఆ మాట అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే" అని మాత్రం అనగలిగాను. అక్క "తెలుసులే. లోపలికి రా, కాఫీ పెడ్తా" అంది. అంతకన్నా ఎక్కువ మా ఇంట్లో ఎవరూ అనరు.

కాఫీ తాగాక గళ్ల పుస్తకం తెచ్చింది. తొమ్మిదో వరుస దగ్గర కాగితం పల్చబడి ఉంది. రబ్బరుతో ఎన్నిసార్లు చెరిపిందో. ఆరు రాసి, చెరిపి, ఏడు రాసి, మళ్లీ చెరిపి ఆరు రాసి, పక్కనున్న సందు అంకెను మాత్రం ఒకటి నుంచి మార్చకుండా, పంపే కాగితంలోకి అట్లాగే ఎక్కించేసింది. లెక్కల టీచరు తప్పు అక్కడ పుట్టింది. అంత ఖచ్చితంగా ఫోన్లో అరిచిన మనిషికి కూడా అనుమానం ఉందన్న మాట.

పుస్తకం నా చేతికిచ్చి అక్క నేల మీద కూర్చుంది. నడుం నొప్పితో మూలుగుతూ ఒక కాలు మడిచి, ఒక మోకాలు లేపి, దాని మీద చెయ్యి వేసింది. ఎడమ వైపుకు తిరిగింది. నేను ఎదురుగా కాకుండా పక్కగా పోయి నిలబడ్డాను. మోకాలికీ ఛాతీకీ మధ్య వెలుతురు స్పష్టంగా కనిపిస్తోంది.

"సూడు, ఖాళీ!" అన్నాను. గెలిచానని నా గొంతులోనే తెలిసిపోయింది. "రెండు గడుల సందు. నేను సెప్పలా?"

అక్క తల వంచి తన ఒడి వైపు చూసుకుంది. మోకాలికీ ఛాతీకీ మధ్య ఉన్న చోటును అరచేత్తో తడిమింది. అప్పటిదాకా తనకూ తట్టలేదనుకుంటా, ముఖం మెల్లగా మారింది.

"ఖాళీనే" అంది. "కానీ నేను సూసినప్పుడంతా ఆడ నువ్వుంటివి కదే. అమ్మ కూర్చున్నదే ఆలస్యం, పోయి ఆ సందులో దూరుకుంటాంటివి. నాకు ఎనిమిదేండ్లు, తొమ్మిదేండ్లు ఉంటాయి. ఎదురుగా నిలబడి సూస్తాంటిని. ఒక్కదినం కూడా అది ఖాళీగా లేదు."

ఆ సందు నాకు తెలుసని అంత గట్టిగా ఎలా చెప్పానో అప్పుడు అర్థమైంది. లోపలినుంచి చూసినదాన్ని నేను. మోకాలు ఒక పక్క, ఛాతీ ఒక పక్క, మధ్యలో చెమట, మట్టి వాసన. అక్క నాలుగు అడుగుల దూరం నుంచి చూసింది, తనకు ఎప్పుడూ చోటు దొరకని బొమ్మను. ఒకే రంగుతో వేస్తే తల్లీ బిడ్డా కలిసి నల్లగానే కనిపిస్తారు.

పెన్ను తీసుకుని అక్క పక్కన నేల మీద కూర్చున్నాను. "2 2 1 7 4" అని రాసి, పదహారు వచ్చిందని ఇద్దరం కూడి చూసుకున్నాం. తర్వాత ఆ గడిని నేనే నింపాను. అక్క ఇంకా మోకాలు దించలేదు. అక్క యాభై దాటిన మనిషని కూడా చూసుకోకుండా, ఆమెను దగ్గరికి లాక్కుని తల నా ఒళ్లో పెట్టుకున్నాను.